మందు పనిచేయలేదు అనే ముందు

భిలాయి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపించేంత దూరంలోనే దుర్గ్ జిల్లా వరి మడులు మొదలవుతాయి. దసరా ముందువెనకల ఆ మడుల్లో రైతు ఎక్కువగా భయపడే పురుగు భూరా మాహో. గోదావరి జిల్లాల్లో దాన్ని సుడిదోమ అంటారు. అది పట్టిన చేను దోమపోటుకు పోయిందంటారు. పేర్లు వేరైనా పురుగు ఒకటే. చాలా చోట్ల విత్తనం కూడా ఒకటే. ఛత్తీస్‌గఢ్ రైతు మక్కువతో వేసే స్వర్ణ, పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధనా స్థానంలో ఎం.టి.యు. 7029గా పుట్టి 1982లో విడుదలైన రకం. దిగుబడి బాగా ఇస్తుంది, కానీ సుడిదోమకు తట్టుకోలేదు. అందుకే భిలాయిలో ఉంటూ సస్యరక్షణ చదువుకునే తెలుగు విద్యార్థికి ఈ పురుగుకన్నా దగ్గరి పాఠం దొరకదు. ఇంట్లో విన్న పేరుతోనూ, బయట పొలంలో విన్న పేరుతోనూ దాన్ని గుర్తుపట్టగలరు.

పొలానికి వెళ్లిన మొదటి రోజే మీరు వినే మాట ఒకటుంటుంది. మందు కొట్టాం, పనిచేయలేదు. ఆ మాట వినగానే నోటికొచ్చే జవాబు, ఇంకో మందు కొట్టండి అని. ఈ అధ్యాయం చెప్పేదొక్కటే. ఆ జవాబు ఇచ్చే ముందు, పనిచేయలేదు అన్న మాటకున్న నాలుగు అర్థాలను విడదీయాలి. మందు దోమ దాకా చేరకపోయి ఉండవచ్చు. చేరినా, అది చంపే తీరు తెలియక మనం తొందరపడి ఉండవచ్చు. చంపినా, కొత్త దోమ పుట్టి ఉండవచ్చు. ఈ మూడూ కాదని తేలాకే నాలుగోది, అంటే దోమకు మందును తట్టుకునే శక్తి వచ్చిందన్న మాట అనాలి. ఫార్ములేషన్లు, పనిచేసే తీరు, నిరోధకత, జాగ్రత్తలు అంటూ పాఠ్యపుస్తకం నాలుగు అధ్యాయాలుగా విడగొట్టిన సంగతులు పొలంలో ఒకే లేబుల్‌ను చదవడంలో కలిసిపోతాయి. ఒకటి తప్పు చదివితే మిగతా మూడూ తప్పుతాయి.

మందు దోమ దాకా చేరిందా

సుడిదోమ ఆకు మీద ఉండదు. దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన, కాండాన్ని పట్టుకుని రసం పీలుస్తుంది. పొట్ట దశలోనో ఈనిక దశలోనో చేను కమ్ముకుని ఉంటుంది. గట్టు మీద నిలబడి పైపైన కొట్టిన మందు ఆకుల గొడుగు మీదే ఆగిపోతుంది. అంతర్వాహిక మందు కదా, మొక్కంతా పాకుతుంది కదా అని అడగవచ్చు. అలాంటి మందుల్లో చాలావాటి ప్రయాణం ప్రధానంగా కింది నుంచి పైకి. వేరు దగ్గరిచ్చినది ఆకుకు చేరుతుందిగానీ, ఆకు మీద పడినది కాండం మొదటికి సరిపడా దిగుతుందని నమ్మడానికి లేదు. నాట్ల సమయంలోనే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని తెలుగు రాష్ట్రాల్లో పదేపదే చెప్పడానికి కారణం ఇదే. ఆ బాటలో గాలి వెలుతురు ఆడతాయి, మనిషి నడుస్తాడు, నాజిల్ దుబ్బు మొదటికి వంగుతుంది. బాటలు లేని చేలో ఎంత మంచి మందైనా దోమకు దూరంగానే ఉండిపోతుంది.

చోటు తర్వాత చూడాల్సింది మోతాదు. ఇక్కడ లెక్క తప్పడం ఎంత సులువో ఒక ఉదాహరణ చూద్దాం. పైమెట్రోజిన్ 50 శాతం డబ్ల్యూ.జి. అనే మందు సుడిదోమ మీద వాడతారు. హెక్టారుకు 300 గ్రాములు, 500 లీటర్ల నీళ్లు. ఎకరానికి చూస్తే 120 గ్రాములు, 200 లీటర్లు. దీన్నే క్లుప్తంగా లీటరుకు 0.6 గ్రాము అని చెబుతారు. రైతు తన 16 లీటర్ల డబ్బాకు లెక్క వేసుకుని 9.6 గ్రాములు, అంటే దాదాపు పది గ్రాములు వేస్తాడు. అంతవరకు సరే. కానీ ఎకరం చేను ఆరు డబ్బాలతోనే ముగిస్తాడు, ఎందుకంటే నీళ్లు మోయడం కష్టం, కూలి ఖర్చు ఎక్కువ. ఆరు డబ్బాలంటే ఎకరానికి పడిన మందు 58 గ్రాములు. పడవలసిన దానిలో సగం కూడా కాదు. లీటరు లెక్కలో తప్పు లేదు, ఎకరం లెక్కలో తప్పుంది. లేబుల్ మీద మోతాదు నేల విస్తీర్ణానికి ఇచ్చింది. లీటరు లెక్క సరైన నీరు వాడినప్పుడే నిజం.

దీన్ని సరిచేసే పద్ధతికి పది నిమిషాలు చాలు. చేలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు కొలిచి గుర్తులు పెట్టండి. డబ్బాలో ఉత్త నీళ్లు కొలిచి పోసి, మామూలుగా నడిచే వేగంతోనే, దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టమనండి. మిగిలిన నీరు కొలవండి. 4 లీటర్లు ఖర్చయ్యాయనుకుందాం. ఎకరంలో అలాంటి గడులు నలభైకి కాస్త ఎక్కువ ఉంటాయి, కాబట్టి ఎకరానికి సుమారు 160 లీటర్లు, అంటే పది డబ్బాలు. 120 గ్రాములను పది డబ్బాలకు పంచితే డబ్బాకు 12 గ్రాములు. ఆ మనిషికి, ఆ నాజిల్‌కు, ఆ చేనుకు సరైన సంఖ్య అదే. పక్క చేలో ఇంకొకరు కొడితే సంఖ్య మారుతుంది. నాజిల్ రంధ్రం అరిగితే కూడా మారుతుంది.

ఇక మందు రూపం. సీసా మీద శాతం పక్కనున్న అక్షరాలను చాలామంది దాటేస్తారు. కానీ మోతాదు ప్రతి డబ్బాకూ సమానంగా అందుతుందా లేదా అన్నది ఆ అక్షరాలే నిర్ణయిస్తాయి. ఎస్.ఎల్. అంటే నీటిలో పూర్తిగా కరిగే ద్రవం. కలిపితే చాలు, అడుగున పేరుకోదు. ఇ.సి. అంటే నూనెలాంటి ద్రావకంలో కరిగించిన మందు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడుతుంది. అలా తెల్లబడకుండా పైన నూనె తెట్టు తేలితే ఆ మందు పాతబడి ఉండవచ్చు, లేదా నీరు దానికి సరిపడి ఉండకపోవచ్చు. ఎస్.సి. అంటే సన్నని పొడి రేణువులు నీటిలో తేలేలా చేసిన చిక్కటి ద్రవం. దుకాణంలో నెలల తరబడి నిలబడితే రేణువులు అడుగుకు దిగుతాయి. సీసాను గట్టిగా ఊపకుండా పోస్తే మొదటి డబ్బాల్లోకి పల్చని మందు, చివరి డబ్బాల్లోకి చిక్కటి మందు వెళ్తుంది. ఒకే చేలో ఒక మూల దోమ బతికిపోతుంది, ఇంకో మూల మోతాదు మించిపోతుంది. డబ్ల్యూ.పి. అనే తడిసే పొడిని నేరుగా డబ్బాలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు చిన్న బకెట్లో కొద్ది నీటితో జారుగా కలిపి ఆపైన పోయాలి, కొడుతున్నంతసేపూ డబ్బాను కదుపుతూ ఉండాలి. డబ్ల్యూ.జి. గుళికలు నీటిలో పడగానే విచ్చుకుంటాయి, పొడిలా ముక్కులోకి లేవవు. సుడిదోమ మందుల్లో బుప్రోఫెజిన్ ఎస్.సి.గా, పైమెట్రోజిన్ డబ్ల్యూ.జి.గా, ఇమిడాక్లోప్రిడ్ ఎక్కువగా ఎస్.ఎల్.గా దొరుకుతాయి. మూడింటినీ ఒకే తీరుగా కలిపితే మూడింటిలో కనీసం ఒకటి తప్పుగా కలిసినట్టే.

చంపే తీరు తెలిస్తేనే చావును గుర్తించగలం

మందు సరైన చోట, సరైన మోతాదులో పడిందనుకుందాం. మర్నాడు రైతు చేలోకి వెళ్లి దుబ్బు తడితే దోమ ఇంకా ఎగురుతోంది. పనిచేయలేదనే మాట ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పాత తరం మందులు మనకు అలవాటు చేసిన దృశ్యం ఒకటుంది. కొట్టిన కొద్ది గంటల్లో పురుగు గిలగిలలాడి రాలిపోవాలి. ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు నరాల సంకేతాలను ఆపవలసిన ఎంజైమును అడ్డుకుంటాయి. పైరెథ్రాయిడ్లు నరంలోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వవు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి నియోనికోటినాయిడ్లు నరానికి నరానికి మధ్య సంకేతాన్ని అందుకునే గ్రాహకం మీద కూర్చుంటాయి. ఇవన్నీ నరాల మీద దెబ్బలే, కాబట్టి ఫలితం త్వరగా కనిపిస్తుంది.

బుప్రోఫెజిన్ అలా చేయదు. అది పిల్లపురుగు కుబుసం విడిచేటప్పుడు కొత్త చర్మానికి కావలసిన కైటిన్ తయారీని అడ్డుకుంటుంది. అంటే పిల్లపురుగు మళ్లీ కుబుసం విడిచే రోజు దాకా బతికే ఉంటుంది, ఆ రోజున చస్తుంది. ఫలితం కనిపించడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. రెక్కల దోమ ఇక కుబుసం విడవదు కాబట్టి దాన్ని ఈ మందు సాధారణంగా చంపదు, కానీ అది పెట్టే గుడ్లు సరిగా పొదగవు. పైమెట్రోజిన్ తీరు మరొకటి. అది దోమను తినకుండా చేస్తుంది. కాండం మీద కూర్చున్న దోమ కదులుతూనే ఉంటుంది, కానీ మళ్లీ రసం పీల్చలేదు. కొన్ని రోజుల్లో ఆకలితో చస్తుంది. చేను ఎండిపోవడం మాత్రం మొదటి రోజే ఆగుతుంది. ఈ రెండు మందుల విషయంలో మర్నాడు దోమ కనిపించడం వైఫల్యం కాదు, మందు స్వభావం. దాన్ని వైఫల్యంగా చదివి మూడో రోజున ఇంకో మందు కొడితే రెండు నష్టాలు జరుగుతాయి. డబ్బు పోతుంది. ఏ మందు ఏం చేసిందో ఇక ఎప్పటికీ తెలియదు.

చేను కళ్లముందే సుడులు సుడులుగా ఎండిపోతుంటే రైతు వారం ఆగలేడు కదా అని మీరు అనవచ్చు. నిజమే. కానీ ఆ స్థితికి వచ్చాక తప్పు మందుది కాదు, ఆలస్యానిది. దుబ్బుకు పది, పదిహేను దోమలున్నప్పుడు చర్య తీసుకుంటే నిదానంగా పనిచేసే మందుకు కూడా సమయం ఉంటుంది. వందలకు చేరాక వేగంగా చంపే మందు కూడా ఎండిన చేను తిరిగి తేలేదు. కాబట్టి మందు ఎంపిక కన్నా ముందుండాల్సింది లెక్కింపు. సెప్టెంబరు మొదలు వారానికి రెండుసార్లు, చేలో మూల నుంచి మూలకు నడుస్తూ పది దుబ్బులను వంచి తట్టి, నీటిపై పడినవాటిని లెక్కపెట్టాలి. పిల్లపురుగులు, పొట్టిరెక్కల పెద్దవి, పొడవురెక్కల పెద్దవి విడివిడిగా రాసుకోవాలి. పిల్లపురుగులు ఎక్కువగా ఉంటే బుప్రోఫెజిన్‌కు తగిన సమయం. పొట్టిరెక్కల ఆడవి ఎక్కువగా ఉంటే దోమ ఆ చేలోనే స్థిరపడి గుడ్లు పెడుతోందని అర్థం.

తిరిగి వచ్చిన దోమ, తట్టుకున్న దోమ

సుడిదోమ గుడ్లను ఆకు తొడిమ పొర లోపల పెడుతుంది. అక్కడికి చాలా మందులు చేరవు. గుడ్డు దాదాపు వారంలో పొదుగుతుంది. అంటే మందు కొట్టిన ఎనిమిదో రోజున కనిపించే సన్నని పిల్లపురుగులు మందును తట్టుకున్నవి కావు, మందు కొట్టినప్పుడు పుట్టనివి. అందుకే దోమల సంఖ్యతో పాటు వయసు కూడా చూడాలి. నరాల మీద పనిచేసే మందు కొట్టిన మూడు నాలుగు రోజులకు, నిదానంగా పనిచేసేదైతే వారానికి, అన్ని వయసుల దోమలూ దుబ్బుల మీద అలాగే ఉంటే అనుమానించాలి. పెద్దవి పోయి చిన్నవే కనిపిస్తే అది గుడ్ల కథ.

ఇంకో తిరిగి రావడం ఉంది, ఇది మరీ ప్రమాదకరం. సుడిదోమను వరిలో అదుపులో ఉంచేవి సాలీళ్లు, దాని గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు. ఆకుముడత పురుగు కోసమో మరో పురుగు కోసమో పైరెథ్రాయిడ్ కొడితే ముందు ఇవి చస్తాయి. దానికి తోడు, 1980 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో చెల్లయ్య, హైన్‌రిక్స్ చేసిన పరిశీలనల్లో డెల్టామెత్రిన్, మిథైల్ పారథియాన్ లాంటి మందులు తక్కువ మోతాదులో పడినప్పుడు బతికిన సుడిదోమలు మామూలుకన్నా ఎక్కువ సంతానం కన్నాయని తేలింది. శత్రువులు లేరు, సంతానం ఎక్కువ. కొట్టకముందు కన్నా కొట్టిన తర్వాతే దోమ పెరుగుతుంది. ఇది నిరోధకత కాదు. తప్పు మందు ఫలితం. దీనికి మందు మోతాదు పెంచడం అంటే నిప్పు మీద నూనె పోయడమే.

ఈ మూడూ దాటాక నాలుగోది మిగులుతుంది. అది కూడా నిజమే. 2000ల మధ్యకల్లా ఆసియా వరి దేశాల్లో సుడిదోమకు ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకునే శక్తి వచ్చిందని నివేదికలు వచ్చాయి. కారణాన్ని తర్వాత జన్యుస్థాయిలో గుర్తించారు. విషాన్ని విరిచే ఒక ఎంజైమును దోమ అధికంగా తయారుచేసుకుంటోంది. తెలుగు నేల మీద ఇంతకన్నా పాత పాఠముంది. 1980ల ఆరంభంలో పత్తిలోకి వచ్చిన పైరెథ్రాయిడ్లు శనగపచ్చ పురుగు మీద అద్భుతంగా పనిచేశాయి. అందరూ వాటినే కొట్టారు, మళ్లీమళ్లీ కొట్టారు. 1987 నాటికి కోస్తా ఆంధ్ర పత్తిలో అవి విఫలమయ్యాయి. అక్కడి పురుగులను ప్రయోగశాలలో పరీక్షించి నిరోధకతను నిర్ధారించిన పత్రాలు ఆ వెంటనే ప్రచురితమయ్యాయి. మందు పురుగును మార్చదు. తట్టుకునే గుణం ముందే ఉన్న కొద్దిపాటి పురుగులను మిగిల్చి, మిగతావాటిని తీసేస్తుంది. తర్వాతి తరం ఆ మిగిలినవాటి సంతానం.

అనుమానాన్ని నిర్ధారణగా మార్చే దారి చేలో లేదు, పరీక్షలో ఉంది. అనుమానమున్న చేనులోని దోమలను తెచ్చి సాధారణంగా ఒక తరం పెంచుతారు. మందు ద్రావణంలో ముంచి ఆరబెట్టిన వరి కాండాల మీద మూడో దశ పిల్లపురుగులను వదులుతారు. మరికొన్నిటిని ఉత్త నీటిలో ముంచిన కాండాల మీద వదులుతారు. మందును బట్టి మూడు నుంచి ఆరు రోజులకు చచ్చినవాటిని లెక్కిస్తారు. మందు పెట్టిన గుంపులో నూటికి 62 చచ్చాయని, ఉత్త నీటి గుంపులో నూటికి 5 చచ్చాయని అనుకుందాం. ఆ అయిదు మందు వల్ల చావలేదు. 62 నుంచి 5 తీసేసి, 95తో భాగించి, నూరుతో గుణిస్తే 60 శాతం. ఇదే అబాట్ సవరణ. ఎప్పుడూ మందు చూడని దోమలు అదే మోతాదుకు దాదాపు అన్నీ చస్తే, మన చేనులోవి అరవయ్యే చస్తే, అప్పుడు నిరోధకత అన్న మాట వాడే హక్కు మీకు వచ్చినట్టు. ఈ పరీక్షకు తాహతు లేని చోట కూడా చేయగలిగింది ఒకటుంది. కొట్టే ముందూ, కొట్టాక మూడో రోజూ ఏడో రోజూ లెక్కించడం, చేలో చిన్న మూలను కొట్టకుండా వదిలి దానితో పోల్చడం. ఆ పోలిక లేకపోతే వానకు తగ్గిన దోమను మందు తగ్గించిందని, వలస వచ్చిన దోమను మందు వదిలేసిందని అనుకుంటాం.

మారవలసింది పేరు కాదు, నంబరు

మందులను అవి దెబ్బతీసే చోటును బట్టి ఐ.ఆర్.ఎ.సి. అనే అంతర్జాతీయ కమిటీ నంబర్లుగా విభజించింది. కొన్ని లేబుళ్ల మీదే ఆ నంబరు ఉంటుంది, లేని చోట ఆ కమిటీ పట్టికలో చూసుకోవాలి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్, డైనోటెఫ్యురాన్ మూడూ 4ఎ. బుప్రోఫెజిన్ 16. పైమెట్రోజిన్ 9బి. ట్రైఫ్లుమెజోపైరిమ్ 4ఇ. పైరెథ్రాయిడ్లు 3ఎ. దుకాణంలో ఇమిడాక్లోప్రిడ్ బదులు థయామెథోక్సామ్ కొన్న రైతు మందు మార్చాననుకుంటాడు. నిజానికి సీసా మారింది, దెబ్బ పడే చోటు మారలేదు. ఇది విద్యార్థి రైతుకు చేయగల మొదటి మేలు. సీసాల పేర్లను నంబర్లుగా అనువదించి చెప్పడం.

ఒక నంబరులోని మందులన్నీ ఒకేలా విఫలం కావు కదా, ఇమిడాక్లోప్రిడ్ ఆగిన చోట డైనోటెఫ్యురాన్ పనిచేస్తోంది కదా అని పొలం తెలిసినవారు అడుగుతారు. అది సరైన పరిశీలనే. సుడిదోమ ఎంజైము ఇమిడాక్లోప్రిడ్‌ను విరిచినంత బలంగా డైనోటెఫ్యురాన్‌ను విరవదు. కాబట్టి అత్యవసరంలో అది ఆదుకోవచ్చు. కానీ ఆదుకుంటోంది కదా అని దాన్నే మళ్లీమళ్లీ కొడితే, దాన్ని కూడా తట్టుకునే దోమలు ఎంపికవుతాయి. నంబరు అన్నది ఈ రోజు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు కాదు, రేపటికి ఏం మిగులుతుందన్న ప్రశ్నకు జవాబు.

సుడిదోమ ఒక తరం సుమారు నెల రోజులు. నియమం సులువు. ఒక తరానికి వాడిన నంబరును తర్వాతి తరానికి వాడకూడదు. దుర్గ్ జిల్లా ఖరీఫ్ చేనుకు దీన్ని ఇలా అన్వయించవచ్చు. నాటిన మొదటి నెలన్నరలో సుడిదోమ పేరుతో మందు అవసరమే చాలా అరుదు. మిత్రపురుగులను బతకనివ్వాలి. పిలక దశ చివర్లో లెక్క దాటితే, పిల్లపురుగులు ఎక్కువగా ఉంటే నంబరు 16. ఈనిక దగ్గర మళ్లీ లెక్క దాటితే 9బి కానీ 4ఇ కానీ, ఒక్కసారి. 3ఎ నంబరు సుడిదోమ ఉండే చేలో వద్దు. చాలామంది మరచిపోయే విషయం ఇంకొకటి. పచ్చదోమ కోసమో, విత్తనశుద్ధి కోసమో వాడిన 4ఎ మందు కూడా ఆ చేనులోని సుడిదోమ మీద పనిచేసే ఎంపికే. కాబట్టి పురుగు వారీగా కాక చేను వారీగా, ఆ చేనులో పడిన ప్రతి నంబరునూ తేదీతో రాయాలి.

రెండు మందులు కలిపి కొడితే రెండు దెబ్బలు కదా అని ఒక వాదన. రెండూ విడివిడిగా పూర్తిగా పనిచేస్తూ, రెండూ పూర్తి మోతాదులో ఉంటే ఆ వాదనలో కొంత నిజముంది. పొలంలో జరిగేది అది కాదు. సగం ఇది, సగం అది. లేదా రెండింటిలో ఒకటి ఇప్పటికే ఆగిపోయిన మందు. అప్పుడు దెబ్బ ఒక్కటే, అదీ తక్కువ మోతాదులో. ఎలాగూ నిరోధకత వస్తుంది, ఇదంతా ఎందుకు అన్నది ఇంకో వాదన. దీనికి ఆస్ట్రేలియా పత్తి జవాబు చెప్పింది. 1983 జనవరిలో అక్కడ శనగపచ్చ పురుగు పైరెథ్రాయిడ్లను తట్టుకుంటోందని తేలగానే, తర్వాతి సీజన్ నుంచే ఆ మందులను కొత్త వ్యూహంలో 42 రోజుల గడువుకు పరిమితం చేశారు. నిరోధకత ఆగిపోలేదు, కానీ ఏళ్ల తరబడి నెమ్మదించింది. ఆ ఏళ్లలో పంట పండింది. ఇక ఖర్చు. కొత్త మందు ఖరీదైనదే. కానీ సగం మోతాదులో మూడుసార్లు కొట్టిన చవక మందు ఖర్చును కూడా లెక్కలో వేయాలి. దానికన్నా చవకైనవి ముందే ఉన్నాయి. కాలిబాటలు, నత్రజనిని ఒక్కసారి కుమ్మరించకుండా విడతలుగా వేయడం, దోమ కనిపించగానే నీరు తీసి మూడు నాలుగు రోజులు చేను ఆరబెట్టడం, స్వర్ణ తప్పనిసరి కాని చోట సుడిదోమను కొంత తట్టుకునే ఎం.టి.యు. 1001, ఎం.టి.యు. 1010 లాంటి రకాలు. ఇవి కూడా మారుటేరు రకాలే, ఛత్తీస్‌గఢ్ రైతుకు పరిచయమున్నవే.

చేతికంటిన చుక్క

జాగ్రత్తలను చివర పెట్టడం అవి చిన్నవని కాదు. ఇప్పటిదాకా చెప్పిన ప్రతి తప్పు చివరికి మనిషి ఒంటి మీదే తేలుతుంది కాబట్టి. పనిచేయలేదనుకుని మూడుసార్లు కొట్టిన మనిషి మూడుసార్లు మందు కలిపాడు. రెండు మూడు మందులు కలిపిన మనిషి ఏ విషం పీల్చాడో వైద్యుడికి చెప్పలేడు. పొరుగున మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ సీజన్‌లో చేలు తల ఎత్తుకు పెరిగాయి, మందులు కలిపి కొట్టారు, ఒంటి రక్షణ లేదు. మందు తప్పు, చేను ఎత్తు, రక్షణ లేమి ఒకే రోజున కలిసినప్పుడు ఏమవుతుందో ఆ జిల్లా చూపించింది.

ఎండలో, ఉక్కపోతలో చేతితొడుగులు, మాస్కు, నిండు చొక్కా ఎలా వేసుకుంటారన్నది నిజాయితీగల అభ్యంతరం. దానికి జవాబు ప్రమాదాన్ని వరస కట్టడంలో ఉంది. క్లోర్‌పైరిఫాస్ 20 ఇ.సి.ని లీటరుకు రెండున్నర మిల్లీలీటర్లు కలిపితే మందు నాలుగు వందల రెట్లు పల్చబడుతుంది. అంటే కలిపేటప్పుడు చేతి మీద పడిన ఒక్క చుక్క, పిచికారీలో నాలుగు వందల చుక్కలతో సమానం. ఇ.సి.లోని ద్రావకం చర్మంలోకి దాన్ని ఇంకా తేలిగ్గా దించుతుంది. కాబట్టి డబ్బాకు రెండు మూడు నిమిషాలు పట్టే కలపడంలో రబ్బరు చేతితొడుగులు, కంటికి అద్దాలు ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. ఆ కాసేపు ఉక్కపోత ఎవరైనా భరించగలరు. కొట్టేటప్పుడు నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, బూట్లు, ముక్కుకు మాస్కు. ఉదయం చల్లబాటులో, గాలి వెనక నుంచి వీచేలా నడక. డబ్బా కారుతుంటే వీపు మీద పడే మందు చేసే నష్టం ఒకరోజు సంపాదన కన్నా పెద్దది, బాగుచేశాకే భుజానికి ఎత్తాలి. పైన ఎకరం లెక్క సరిచూసుకున్న మనిషికి ఒక్కసారి కొడితే చాలు. రక్షణలో మొదటి మెట్టు కొట్టే సార్లు తగ్గించడమే.

లేబుల్ మీద రంగు త్రికోణం విషపు స్థాయిని చెబుతుంది. ఎరుపు అతి విషం, పసుపు తర్వాతిది, నీలం దానికన్నా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఒకే పురుగుకు ఆకుపచ్చ, నీలం మందు సరిపోతే ఎరుపుది కొనే పని లేదు. లేబుల్‌ను పారేయకుండా ఉంచాలి. ఎవరైనా కళ్లు తిరిగి పడితే మనిషితో పాటు లేబుల్ కూడా ఆసుపత్రికి వెళ్లాలి. ఆర్గానోఫాస్ఫేట్ విషంలో కంటిపాప చిన్నబడి, చెమట, చొంగ, వాంతులు వస్తాయి. దానికి అట్రోపిన్ ఉంది, తోడుగా ప్రాలిడాక్సైమ్ వాడతారు. ఇమిడాక్లోప్రిడ్‌కు ప్రత్యేక విరుగుడు లేదు, లక్షణాలకు చికిత్స చేస్తారు. ఈ తేడా చెప్పగలిగేది లేబులే. తడిసిన బట్టలు వెంటనే తీసి సబ్బుతో ఒళ్లు కడగాలి. ఇ.సి. మందు మింగిన మనిషిని వాంతి చేయించకూడదు, ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఖాళీ సీసాను మూడుసార్లు నీటితో కడిగి, ఆ కడిగిన నీరు పిచికారీ డబ్బాలోనే పోయాలి. అది కూడా లెక్కలోని మందే, వృథా కాదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో చెరువు స్నానానికి, పశువులకు, చేపలకు అన్నిటికీ ఒకటే. ఆ సీసా చెరువులో కడిగితే ఊరంతా కడిగినట్టు. తర్వాత సీసాకు రంధ్రం పొడిచి, ఎవరూ నీళ్లకు వాడకుండా చేయాలి.

ఈ అధ్యాయాన్ని చదవడంతో వదలకండి. ఈ వారం ఒక వరి చేను ఎంచుకోండి. ఉత్త నీటితో పది మీటర్ల గడి కొట్టించి ఎకరానికి డబ్బాల సంఖ్య తేల్చండి. రైతు ఇంట్లో ఉన్న ప్రతి సీసా పేరు, రూపం, త్రికోణం రంగు, నంబరు, కొట్టిన తేదీ ఒక కాగితం మీద వరసగా రాయండి. పది దుబ్బులు తట్టి లెక్కించండి. మూడు రోజుల తర్వాత, ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లి లెక్కించండి. ఈ లెక్కలన్నీ మీ చేతిలో ఉన్నాక, మందు పనిచేయలేదని రైతు అన్నప్పుడు, ఎందుకో మీరు చెప్పగలుగుతారు. తర్వాత ఏ మందు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో, ఆ ఎందుకు నుంచే తేలుతుంది.